విజిల్ రాని కుక్కర్ గురించి ఎవరూ చెప్పరు

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో కుక్కర్ పేలి ఒక గృహిణి గాయపడిన వార్త నాలుగు వాక్యాల్లో వచ్చింది. ‘ప్రమాదవశాత్తు పేలింది’ అన్న మాటతో ఆ వార్త ముగిసింది. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నాకు ఆ మాట చదివినప్పుడల్లా మనసు కష్టపడుతుంది. కుక్కర్ ఊరికే పేలదు. ఆవిరికి దారి మూసుకుపోతే పేలుతుంది, లేదా లోపల ఒత్తిడి ఉండగానే మూత బలవంతంగా తిప్పితే పేలుతుంది.

తెరిచిన గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కదు. అందుకే నానబెట్టని కందిపప్పు మెత్తబడటానికి ముప్పావు గంట, ఒక్కోసారి గంట పడుతుంది. కుక్కర్‌లో గాస్కెట్ ఆవిరిని బయటికి పోనివ్వదు, పైనున్న వెయిట్ లోపలి ఒత్తిడిని వాతావరణ పీడనానికి సుమారు రెట్టింపు దాకా పెరగనిస్తుంది, దానితో నీరు 120 డిగ్రీల దాకా చేరుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఉడికే వేగం సుమారు రెట్టింపవుతుందనుకుంటే, ఇరవై డిగ్రీలకు నాలుగు రెట్లవుతుంది. మొదటి విజిల్ తరువాత సెగ తగ్గించి పది పన్నెండు నిమిషాలు ఉంచితే చాలు. మంట పెద్దది చేసి విజిళ్లు లెక్కపెట్టడం వల్ల పప్పు త్వరగా ఉడకదు, నీరు మాత్రం ఆవిరైపోతుంది.

అయితే ఈ సౌకర్యమంతా వెయిట్ కింద ఉన్న సన్నని ఆవిరి గొట్టం మీద ఆధారపడి ఉంది. పప్పు మరిగేటప్పుడు బాగా నురుగు కడుతుంది. ఆ నురుగుతో పాటు పప్పు పొట్టో టమాటా తొక్కో పైకి వచ్చి గొట్టంలో ఇరుక్కుంటుంది. అందుకే పప్పూ నీళ్లూ కలిపి కుక్కర్‌లో సగానికి మించకూడదని కుక్కర్‌తో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది.

మా తోడికోడలి ఇంట్లో కిందటి వర్షాకాలంలో జరిగినది చెబుతాను. మూడు లీటర్ల కుక్కర్‌లో రెండు గ్లాసుల కందిపప్పు, నాలుగు టమాటాలు వేసి, నీళ్లు ముప్పావు దాకా పోసింది. పావుగంటైనా విజిల్ రాలేదు. మూత అంచు నుంచి మాత్రం ఆవిరి, నీటి బొట్లు కారుతున్నాయి. ఆమె పొయ్యి ఆపి, గరిటెతో వెయిట్ పైకి లేపి చూసింది. ఆవిరి రాకపోయేసరికి ఒత్తిడి లేదనుకుని మూత తిప్పబోయింది. మూత బిగిసి ఉండటం చూసి నేను చేయి పట్టుకుని ఆపాను. గొట్టం మూసుకుపోయి ఉంటే, వెయిట్ లేపినా ఆవిరి రాదు, లోపల ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది. కుక్కర్‌ను కదపకుండా వదిలేసి, పూర్తిగా చల్లారాక ముట్టుకుంటే మూత వేలితో తిప్పినంత సులువుగా వచ్చింది. గొట్టంలో టమాటా తొక్క చుట్ట చుట్టుకుని ఉంది. అంతకంటె నన్ను భయపెట్టినది మరొకటి. సేఫ్టీ వాల్వ్ ఉండవలసిన చోట మరమ్మతు దుకాణంవాడు మామూలు బోల్టు బిగించి ఇచ్చాడు! ఆ రోజు మమ్మల్ని కాపాడినది గట్టిపడి అంచున కారుతున్న ఆ పాత గాస్కెట్టేనని నా నమ్మకం.

మూత పెట్టే ముందు దాన్ని వెలుతురుకు పట్టి గొట్టంలోంచి చూడాలి. వెలుగు కనిపించకపోతే పిన్నుతో శుభ్రం చేసి నీళ్లు పోసి చూడాలి. బయటి మూత రకం కుక్కర్లలో గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టాలి. దారి తెరిచి ఉందని అదే రుజువు. గాస్కెట్‌ను ప్రతిసారీ తీసి కడిగి ఆరబెట్టాలి, గట్టిపడినా, బీటలు పడినా, సాగి వదులైనా అదే కంపెనీది, అదే కొలతది మార్చాలి. ఫ్రిజ్‌లో పెట్టి బిగించడం, అంచుకు పిండి మెత్తడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అవి నాలుగు రోజుల ఉపశమనాలే.

కుక్కర్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేసి ఏళ్లు గడిచాయి. కానీ దుకాణంలో దారానికి గుచ్చి వేలాడదీసే పేరులేని గాస్కెట్లను, వాల్వ్‌కు బదులు బోల్టు బిగించే మరమ్మతులను మా ఊళ్లో ఏ అధికారీ వచ్చి చూడగా నేను ఎరుగను. తూనికలు, కొలతల శాఖవారు తరాజులు చూడటానికి వచ్చినప్పుడైనా ఆ అరలవైపు ఒకసారి కన్నేయాలని ఎవరికీ తోచకపోవడం బాధాకరం.

ఇకముందు ఇటువంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరి మూడు విషయాలు కనుక్కుని రాయాలని కోరుతున్నాను: గొట్టం మూసుకుపోయిందా, సేఫ్టీ వాల్వ్ అసలుదేనా, మూత ఎవరైనా బలవంతంగా తిప్పారా.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి