కళ్లు తిరుగుతున్నాయంటే ముందు కళ్లు చూడండి

సంపాదకుడి గారికి,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఒక పాఠకురాలు తన బాధ రాశారు. పడుకుని పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతోందట, అరనిమిషంలో దానంతటదే తగ్గిపోతోందట. మెడ ఎముకలు అరిగి ఉంటాయి, ఎక్స్‌రే తీయించుకోండి అని జవాబు ఇచ్చారు. నేను పదిహేడేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆ జవాబు చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమె చెప్పిన లక్షణాలు మెడ కంటే లోపలి చెవినే ఎక్కువగా చూపిస్తున్నాయి. నిజంగా అదే అయితే మంచం మీద రెండు నిమిషాల్లో తేల్చవచ్చు.

ఈ పత్రికను చేత్తో పట్టుకుని కదపకుండా ఉంచి, తలను 'కాదు' అన్నట్టు అటూ ఇటూ గబగబా ఊపుతూ చదవండి. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఇప్పుడు తల కదపకుండా పత్రికను అంతే వేగంగా ఊపండి. అక్షరాలు చెదిరిపోతాయి. తల కదిలినప్పుడు కళ్లను సరిదిద్దేది లోపలి చెవి. ప్రతి చెవిలో అర్ధవర్తుల కుల్యలు అనే మూడు సన్నని వంపు గొట్టాలు ఉంటాయి. అవి ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా ఉంటాయి కాబట్టి తల ఏ దిక్కుకు తిరిగినా ఏదో ఒక జత దాన్ని పట్టుకుంటుంది. కుల్య నిండా ద్రవం ఉంటుంది. దాని ఒక చివర ఉబ్బిన చోట జిగురు లాంటి మెత్తని తెర అడ్డంగా ఉంటుంది. దాన్నే కుప్యులా అంటారు. తల తిరగగానే కుల్య ఎముకతో పాటు తిరుగుతుంది. ద్రవం మాత్రం, బస్సు కదలగానే నిలబడ్డ మనిషి వెనక్కి తూలినట్టు, ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ తోపుకు తెర వంగుతుంది, దాని అడుగున ఉన్న రోమకణాల వెంట్రుకలు కూడా వంగుతాయి. తల కుడికి తిప్పితే కుడి చెవి నరంలో సంకేతాలు పెరుగుతాయి, ఎడమ చెవి నరంలో తగ్గుతాయి. మెదడు ఈ తేడా చూసి, సెకనులో వందో వంతు కాలంలోనే కళ్లను అంతే మేర ఎదురు దిక్కుకు తిప్పుతుంది.

ఇక్కడ ఒక సంగతి ముఖ్యం. ఆ తెర సాంద్రత, ద్రవం సాంద్రత సమానం. అందుకే మనం నిలబడినా పడుకున్నా కుల్యకు తెలియదు, తిరగడం ఒక్కటే తెలుస్తుంది. తల ఎటు వాలిందో చెప్పే పని పక్కనే ఉన్న యుట్రికిల్, సాక్యూల్ అనే సంచులది. వాటిలోని తెర మీద సన్నని కాల్షియం కార్బోనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి, వాటి బరువుతోనే ఆ పని జరుగుతుంది. వయసు వల్లో, తలకు దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణం తెలియకుండానో కొన్ని స్ఫటికాలు ఊడి, ఎక్కువగా వెనక కుల్యలోకి జారిపోతాయి. అప్పటినుంచి బరువు తెలియకూడని చోట బరువు చేరినట్టే. ఒత్తిగిలగానే స్ఫటికాలు జారుతూ ద్రవాన్ని లాగుతాయి, తెర వంగుతుంది. తల ఆగిపోయినా ఆ ఒక్క కుల్య మాత్రం ఇంకా తిరుగుతున్నానని చెబుతూనే ఉంటుంది. మెదడు దాన్ని నమ్మి కళ్లను తిప్పేస్తుంది. అడుగుకు చేరి స్ఫటికాలు ఆగగానే తిరుగుడూ ఆగుతుంది. అరనిమిషం లెక్క ఇదే. ఈ జబ్బును డాక్టర్లు బీపీపీవీ అంటారు.

మనం నీరసానికీ, బీపీ పడిపోయినా, గది తిరిగినా 'కళ్లు తిరుగుతున్నాయి' అనే అంటాం. తికమక సగం ఈ మాటతోనే మొదలవుతుంది. ఈ జబ్బులో మాత్రం కళ్లు నిజంగానే తిరుగుతాయి, ఎదుటివాళ్లకు కనిపిస్తాయి. చూసేవాళ్లే తక్కువ.

మా పిన్నికి అరవై ఒక్కేళ్లు. ఎనిమిది నెలలు మాత్రలు మింగింది, మెడకు పట్టీ కట్టుకుంది. మెదడుకు స్కాన్ కూడా తీశారు, అందులో ఏమీ లేదు. మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది. ఆ వయసులో చాలామందికి కనిపించేదే అది. చివరికి పడుకోవాలంటేనే టెన్షన్ పట్టుకుని కుర్చీలో కూర్చుని నిద్రపోయేది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మంచం మీద కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, తల మంచం అంచు దాటి కొంచెం కిందికి వాలేలా వెంటనే వెనక్కి పడుకోబెట్టాను. కళ్లు మూసుకోవద్దని చెప్పాను. ఐదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత రెండు కళ్లూ నుదుటి వైపుకు, నేల వైపున్న కుడి చెవి దిక్కుగా మెలి తిరుగుతూ కొట్టుకున్నాయి. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఇరవై సెకన్లకు ఆగిపోయాయి. ఎడమ వైపు చేస్తే ఏమీ రాలేదు. అంటే స్ఫటికాలు ఉన్నది కుడి వెనక కుల్యలో. ఇది డిక్స్, హాల్‌పైక్ 1952లో వివరించిన పరీక్ష.

చికిత్స కూడా ఆ మంచం మీదే. మళ్లీ కుడివైపు అలాగే పడుకోబెట్టి, తిరుగుడు ఆగాక ఇంకో అరనిమిషం ఉంచాను. తర్వాత తలను 90 డిగ్రీలు ఎడమకు తిప్పాను. ఆ తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు ఒత్తిగిల్లి, ముక్కు నేలను చూసేలా తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. ప్రతి చోటా అరనిమిషానికి పైగా ఆగాక లేపి కూర్చోబెట్టాలి. వంకర గొట్టంలో పడ్డ గోళీని గొట్టం తిప్పుతూ బయటకు దొర్లించినట్టు, స్ఫటికాలు మళ్లీ యుట్రికిల్‌లోకి జారతాయి. దీన్ని ఎప్లీ పద్ధతి అంటారు. రెండోసారి చేశాక పరీక్షలో కళ్లు కదలలేదు. రెండు మూడు రోజులు తేలినట్టుందని అంది. ఆ వారం నుంచే మంచం మీద పడుకుంటోంది.

మాత్రలు స్ఫటికాలను కదపలేవు, సంకేతాన్ని మొద్దుబారుస్తాయంతే. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజీన్ లాంటివి పెద్దవయసు వాళ్లు నెలల తరబడి వాడితే మగత వచ్చి పడిపోయే ప్రమాదం ఉంది. కొందరికి పార్కిన్సన్స్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం కూడా వస్తాయి. పాత చీటీ చూపించి ఇవే మాత్రలు మళ్లీ మళ్లీ కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

అయితే ప్రతి తిరుగుడూ ఇది కాదు. కదలకుండా పడుకున్నా గంటల తరబడి తిరుగుతుంటే వేరే కారణం వెతకాలి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. స్ఫటికాలు అడ్డ కుల్యలో పడితే కళ్లు పక్కలకు కొట్టుకుంటాయి, దానికి ఎప్లీ పనిచేయదు, వేరే పద్ధతి ఉంది. మెడ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు తల వేలాడదీయకూడదు. అందుకే ఏ చెవో, ఏ కుల్యో తెలియకుండా వీడియో చూసి ఇంట్లో చేసుకోవద్దు.

నా విన్నపం రెండే. ఆస్పత్రుల్లో స్కాన్ రాసే ముందు ఈ పరీక్షకు ఒక మంచం, రెండు నిమిషాలు కేటాయించమని వైద్య శాఖను మీ పత్రిక అడగాలి. రెండోది, ఆ పాఠకురాలికి ఇచ్చిన జవాబు సరిదిద్ది మళ్లీ వేయాలి. ఏ పక్కకు ఒత్తిగిలితే తిరుగుతోందో ఆమె రాయలేదు. డాక్టరుకు మొట్టమొదట అదే చెప్పమనండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, మీ పాఠకురాలు