గడువు తీరిన ఇరవై నాలుగు క్లాసులు

రాజమండ్రి,
ఫిబ్రవరి 4

చిన్నీ,

నువ్వు పంపిన నీ వ్యాయామ క్లాసుల జనవరి లెక్కల పేజీ నిన్న రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. నెల మొదట్లో పది క్లాసుల ప్యాకేజీ తీసుకున్నవాళ్లలో ఆరుగురికి ముప్పై రోజుల గడువు అయిపోయిందనీ, వాళ్లవి మొత్తం 24 క్లాసులు మిగిలిపోయాయనీ, ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశావు. దానికి జవాబు చెప్పే ముందు ఆ పేజీ చివర నువ్వు రాసిన "మిగులు 8,000" అనే అంకె గురించి మాట్లాడాలి.

ముప్పై ప్యాకేజీలు, ఒక్కొక్కటి 2,000 చొప్పున 60,000 వచ్చాయి. హాలు అద్దె, కరెంటు, శుభ్రం చేసే ఆవిడ జీతం, నీకు నువ్వు రాసుకున్న 30,000 కలిపి ఖర్చు 52,000. అందుకని 8,000 మిగిలిందన్నావు. కానీ హాజరు పట్టీ కూడితే జనవరిలో జనం వాడుకున్న క్లాసులు, తలకొకటి చొప్పున, 170 మాత్రమే. క్లాసుకు 200 చొప్పున నువ్వు సంపాదించింది 34,000. మిగతా 26,000 నీ దగ్గర ఉన్నమాట నిజమే, కానీ అది ఇంకా నీది కాదు. ఇంకా చెప్పాల్సిన 130 క్లాసుల బాకీ అది. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని పొదుపు ఖాతాల పుస్తకాలు రాసినదాన్ని. డబ్బు మన పెట్టెలో ఉండటం వేరు, మనదవడం వేరు. నిజంగా చూస్తే జనవరిలో నీకు 18,000 తక్కువ పడింది. ఆ 8,000తో గోడకు అద్దాలు కొనాలనుకుంటున్నావు కదా, ఇప్పుడే కొనకు తల్లీ.

ఈ నెల నుంచి పుస్తకంలో మూడు గడులు పెట్టుకో: అమ్మిన క్లాసులు, జనం వాడుకున్న క్లాసులు, బాకీ ఉన్న క్లాసులు. ప్యాకేజీ డబ్బు రాగానే వేరే ఖాతాలో వేసి, ప్రతి ఆదివారం ఆ వారం హాజరును లెక్కపెట్టి, అంతకు సరిపడా మాత్రమే ఇంటి ఖాతాకు మార్చుకో. బాకీ గడి నెల నెలా పెరుగుతూ, హాజరు మాత్రం అక్కడే ఉంటే, రేపటి అద్దెను ఇవాళే తింటున్నట్టు లెక్క.

ఇక ధర. నెలకు 26 రోజులు, రోజుకు రెండు బ్యాచ్‌లు, అంటే 52 క్లాసులు. ఖర్చు 52,000 కాబట్టి తలుపు తీసిన ప్రతి క్లాసుకూ వెయ్యి రూపాయలు ఖర్చవుతుంది, ఒక్కరు వచ్చినా పన్నెండు మంది వచ్చినా. తలకు 200 అయితే ఐదుగురు రావాలి. జనవరిలో సగటున ముగ్గురికి కాస్త పైన వచ్చారు. విడిగా ఒక్క క్లాసుకు 250 తీసుకుంటున్నావు కాబట్టి ప్యాకేజీలో ఐదో వంతు తగ్గింపు ఇచ్చినట్టే. ముందుగా డబ్బు కట్టినందుకు అది చాలినంత మర్యాద.

నీ స్నేహితురాలు ఇచ్చిన సలహా నాకు నచ్చలేదు. పదిలో రెండు ఎలాగూ మిగిలిపోతాయి, కాబట్టి 1,600కి అమ్మినా క్లాసుకు 200 గిట్టుతుందని కదా ఆమె లెక్క! అంకెలు సరిపోతాయి. కానీ పదీ వాడుకునేవాళ్లు ఎవరు? వర్షమైనా చలైనా ఆరింటికల్లా వచ్చి మ్యాట్ పరిచేవాళ్లు. వాళ్ల దగ్గర నీకు వచ్చేది 160. అలాంటివాళ్లతోనే బ్యాచ్ నిండితే క్లాసుకు ఏడుగురు వస్తే గాని ఖర్చు రాదు. జనం రాకపోతేనే గిట్టే ధర అది. పదీ వాడుకుంటారని అనుకునే ధర కట్టు.

గడువు విషయంలో తప్పు నీదే, చెప్పక తప్పదు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషికి పది క్లాసులకు ఐదు వారాలు పడుతుంది. నువ్వు ఇచ్చింది నాలుగు వారాల పైన రెండు రోజులు. అందులో సంక్రాంతి. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లలో సగం మంది ఆ వారం గోదావరి జిల్లాలకో గుంటూరు వైపో వెళ్లిపోతారని నీకు తెలియనిదా? నువ్వే మూడు రోజులు తలుపు మూసి ఇక్కడికి వచ్చావు. ఐదు వారాల సహజమైన నడకకు జ్వరాలూ, పండగలూ, పిల్లల పరీక్షలూ కలిపి మూడు వారాలకు పైగా చేర్చి 60 రోజులు పెట్టు. డబ్బు కట్టిన రోజు నుంచి కాకుండా మొదటి క్లాసుకు వచ్చిన రోజు నుంచి లెక్కించు. కాకపోతే కట్టిన రెండు వారాల్లోపు మొదలుపెట్టాలని రాయి. నువ్వు క్లాసు రద్దు చేసిన ప్రతి రోజుకూ ఒక రోజు గడువు పెరగాలి.

అలాగని గడువే వద్దనుకోకు. ఆరు నెలలిస్తే మనుషులు రేపు, ఎల్లుండి అనుకుంటూ మానేస్తారు, నీ బాకీ గడి మాత్రం నిండుతుంది. ఆ పాత క్లాసులన్నీ వేసవి సెలవుల్లో ఒకేసారి వచ్చి పడితే కొత్తగా చేరేవాళ్లకు చోటుండదు.

ఇప్పుడు ఆ 24 క్లాసుల సంగతి. రద్దు చేస్తే నీకు మిగిలేది 4,800. ఆ ఆరుగురిలో ముగ్గురు కోపం వచ్చి మళ్లీ ప్యాకేజీ తీసుకోకపోతే పోయేది 6,000, అదీ ఒక్క విడతలో. పైగా ఆ క్లాసులు ఇవ్వడానికి నీకయ్యే ఖర్చు ఏమిటి? పన్నెండు మ్యాట్‌ల హాలులో రోజూ ఎనిమిది ఖాళీగా ఉంటున్నాయి. వాళ్లు వచ్చి కూర్చుంటే అద్దె పెరగదు, కరెంటు పెరగదు. బ్యాచ్ నిండిపోయే రోజు వస్తే అప్పుడు వేరు. పాత క్లాసు కోసం వచ్చినవారు డబ్బు కట్టే మనిషి చోటు తీసుకుంటారు. అప్పుడు పొడిగింపు ఖాళీ ఉన్న సాయంత్రం బ్యాచ్‌కే అని చెప్పవచ్చు.

నాకు మోకాళ్ల నొప్పులప్పుడు ఇక్కడ ఒకచోట పన్నెండు రోజుల వ్యాయామానికి ముందే డబ్బు కట్టాను. నాలుగు రోజులు వెళ్లాక మీ నానమ్మ ఆసుపత్రిలో చేరింది. తిరిగి వెళితే గడువు అయిపోయిందన్నారు. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, రసీదు వెనక రాసే ఉంది. అయినా ఆ వీధిలోకి మళ్లీ వెళ్లలేదు, అడిగిన ఎవరికీ ఆ చోటు చెప్పలేదు.

అందుకని గడువు దాటినవాళ్లకు అడిగితే ఒక్కసారి పదిహేను రోజులు ఇవ్వు. అప్పటికీ మిగిలితే, కొత్త ప్యాకేజీ తీసుకునేటప్పుడు మూడు క్లాసుల దాకా అందులో కలుపు. అంతకు మించి వద్దు. మధ్యలో మానేసి డబ్బు అడిగితే, వాడుకున్న క్లాసులకు విడి ధర పట్టుకుని మిగతాది ఇచ్చెయ్యి. నాలుగు వాడుకుంటే 1,000 పోను 1,000 తిరిగి ఇవ్వాలి. ప్యాకేజీ ధరతో లెక్కకట్టి ఇస్తే, రెండు క్లాసులు కావలసినవాళ్లు కూడా పది కొని, తగ్గింపు తీసుకుని వెళ్లిపోతారు. అదే నువ్వు హాలు మార్చడం వల్లనో, బ్యాచ్ ఎత్తెయ్యడం వల్లనో వాళ్లు రాలేకపోతే, మిగిలిన ఆరింటికి ప్యాకేజీ ధర ప్రకారం 1,200 ఇవ్వాలి. కారణం ఎవరిదో దాన్ని బట్టే లెక్క. ఇవన్నీ డబ్బు తీసుకునే ముందే, రసీదు ముందువైపు, తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆ ఆరుగురికీ రేపే నువ్వే ఫోను చెయ్యి, మెసేజ్ పెట్టకు. ముప్పై రోజులు పెట్టడం నా పొరపాటు, పండగ కలిసొచ్చింది, ఫిబ్రవరి చివరి దాకా మీ క్లాసులు మీవే అని చెప్పు. ఎంతమంది తిరిగి వచ్చారో హాజరు పట్టీతో సహా నెలాఖరుకు నాకు పంపు. నాన్న శనివారం రైలుకు వస్తున్నారు, ఆయనతో గీతలు గీసిన కొత్త లెక్కల పుస్తకం పంపిస్తున్నాను.

అమ్మ