ఉప్పెన వీడియోలో లేబుల్ ఎక్కడుండాలి? కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారాలు.

మాది అవనిగడ్డ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీద ఈ మధ్య ఆరు నిమిషాల వీడియో చేశాను. అల వచ్చి పడుతుండగా తీసిన దృశ్యం నాకెక్కడా దొరకలేదు. అందుకని 14 సెకన్ల ముక్క ఏఐతో చేయించాను. తాటిచెట్ల మీదుగా నల్లటి నీటిగోడ వస్తుంటుంది, అంతే. అప్‌లోడ్ చేసేటప్పుడు ఏఐతో చేసినది ఉందా అని అడిగితే ఉందనే చెప్పాను. లేబుల్ కూడా పడింది. కాకపోతే వీడియో కింద వివరాలు తెరిచి చూస్తేనే కనబడుతుంది.

వారం తిరక్కుండానే ఎవరో ఆ 14 సెకన్లే కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు. ఉప్పెనలో తల్లిని పోగొట్టుకున్న మా మావయ్య ఫోన్ చేశాడు. "ఇది ఎవరు తీశార్రా? మా ఊరి వైపేనా?" అని అడిగాడు. నేను చేయించిందే మావయ్యా అని చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. నేను నిబంధన ప్రకారమే నడిచాను. అయినా ఆయన మోసపోయాడు.

మీ శాఖ సవరించిన ఐటీ నిబంధనలు 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లో ఉన్నాయి. అసలు మనిషో, అసలు సంఘటనో అనిపించేలా కంప్యూటర్‌తో పుట్టించిన లేదా మార్చిన దృశ్యానికి, ధ్వనికి లేబుల్ ఉండాలన్నారు. పెద్ద సోషల్ మీడియా వేదికలు అప్‌లోడ్ చేసేవాళ్ల దగ్గర ఆ మాట తీసుకోవాలి, నిజమో కాదో సాంకేతికంగా సరిచూసుకోవాలి కూడా. రంగులు సరిచేయడం, రొద తగ్గించడం వంటి మామూలు ఎడిటింగ్ అసలు విషయాన్ని మార్చనంతవరకు దీని కిందికి రాదు. ఈ గీత మంచిదే. నా వీడియోకే వర్తింపజేసి చూస్తే అది ఎక్కడ చెదిరిపోతుందో తెలుస్తుంది.

పాత క్యాసెట్‌లో ఒక పెద్దాయన మాటలకు రొద తీసేశాను. దానికి లేబుల్ అక్కర్లేదు. నీటిగోడకు కావాలి. ఆ రెండింటిలో అనుమానం లేదు. చిక్కంతా ఒక ఫొటోతో వచ్చింది. కూలిన పాక ముందు కూర్చున్న ఆడమనిషి, నలుపు తెలుపు, ముఖం మసకగా ఉంది. దాన్ని స్పష్టంగా చేయమని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. చీరకు ఎర్ర రంగు వేసింది. ముక్కు దగ్గర ఒక మచ్చ ఉంటే దాన్ని ముక్కుపుడకగా గీసేసింది. అసలు ప్రింటు భూతద్దం కింద పెట్టి చూస్తే అది కాగితం మీది మరక. నాణ్యత పెంచడమని పేరేగానీ, అక్కడ లేని వస్తువును పుట్టించింది. ఇది మామూలు ఎడిటింగా, ప్రకటించాల్సిన మార్పా? నేను ప్రకటించాను. నాలాంటివాళ్లు చాలామంది "రీస్టోర్ చేశాం" అని ఊరుకుంటారు, వాళ్లది అబద్ధమని కూడా అనలేం. మసకలో లేని వివరాన్ని యంత్రం ఊహించి నింపితే ప్రకటించాలని మీరు ఒక్క ఉదాహరణతో చెప్పండి చాలు.

ఇక లేబుల్ ఉండే చోటు. 2025 అక్టోబరు ముసాయిదాలో దృశ్యంలో కనీసం 10 శాతం మేర లేబుల్ ఉండాలన్నారు, తుది నిబంధనల్లో తీసేశారు. తీసేయడమే సరైంది, అంత పట్టీ పడితే బొమ్మే కనిపించదు. కానీ దాని స్థానంలో మిగిలింది "స్పష్టంగా కనబడాలి" అన్న మాట ఒక్కటే. ధ్వనికైతే మొదట్లో ప్రకటన వినిపించాలన్నారు. ఆ మొదలు కత్తిరించేస్తే ఏం మిగులుతుంది?

ఫైలు లోపల శాశ్వతమైన గుర్తు పెట్టాలని కూడా, సాంకేతికంగా వీలైనంత మేరకు, నిబంధనల్లో ఉంది. ఏ పరికరంతో చేశారు, ఏం మార్చారు అన్నది కంటెంట్ క్రెడెన్షియల్స్ పద్ధతిలో డిజిటల్ సంతకంతో సహా ఫైలులో నమోదవుతుంది. అది పనికొచ్చేదే. అయితే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం రాలిపోతుంది. స్క్రీన్ రికార్డింగ్ చేస్తే కొత్త ఫైలే పుడుతుంది. రెండో వైపూ తప్పు జరుగుతుంది. 2024లో మెటా ఇలాంటి గుర్తుల్ని చూసి "Made with AI" అని వేస్తుంటే, చిన్న మరక చెరిపిన అసలు ఫొటోల మీద కూడా అది పడింది. ఫొటోగ్రాఫర్లు గోల చేశాక జులైలో దాన్ని "AI info" అని మార్చారు.

కాబట్టి నా విన్నపం ఇది. నిజంగా జరిగిన సంఘటనను చూపే కృత్రిమ దృశ్యానికి, అది తెర మీద ఉన్నంతసేపూ, బొమ్మలోనే కలిసిపోయేలా లేబుల్ తప్పనిసరి చేయండి. మూలన కాకుండా కిందివైపు మధ్యలో ఉండాలి, మూలైతే కత్తిరించడం తేలిక. వీడియో ఏ భాషలో ఉంటే లేబుల్ ఆ భాషలో ఉండాలి. మా మావయ్యకు ఇంగ్లీషు రాదు. "ఏఐతో పుట్టించినది", "ఏఐతో మార్చినది" అని రెండు వేర్వేరు మాటలు కావాలి. నీటిగోడకు మొదటిది, ముక్కుపుడక ఫొటోకు రెండోది.

నా వీడియోను తీసేసి, ఆ 14 సెకన్ల మీద "ఏఐతో పుట్టించిన దృశ్యం" అని తెలుగులో అచ్చువేసి మళ్లీ పెట్టాను. పాత ముక్క మాత్రం ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

ఇట్లు,
అవనిగడ్డ నుంచి ఒక వీడియో నిర్మాత