రమణకు, పర్లాకిమిడి నుంచి

చి. రమణకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. నూనె రాసుకోమంటే రాసుకోదు. ఎర్రావు ఈనింది, పెయ్య దూడ. నువ్వు ఫోను చేసి ఇరవై రోజులైంది, పనిలో ఉంటావులే అని మేమూ చెయ్యలేదు. కాశీనగర్ పెళ్ళిలో సింహాచలం మావయ్య కనబడ్డాడు. మాటల్లో మాటగా, "మనవాడు బ్యాంకుకి చూపించడానికి లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి ఎత్తాడటగా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. వాడి మాటలు నీకు తెలియనివా. సరే, అది వదిలెయ్.

షెడ్డులోకి లేతు కొనడానికి బ్యాంకు లోను కోసం రాసి, లక్ష్మికి ఫోనులో పంపిన నీ కాయితాలు అది జిరాక్సు తీయించి తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. మొదటి పేజీ అంతా యువత, స్వయం ఉపాధి, దేశం అని ఉంది. తీసేయరా. బ్యాంకు మేనేజరు సాయంత్రం నాలుగింటికి, అలసిపోయి చదువుతాడు. ఈ షెడ్డుకి ఎవడొస్తాడు, ఎందుకొస్తాడు, ఇదొక్కటే ఆయనకి కావాలి. దానికి జవాబు నీ దగ్గరే ఉంది, పని రాసుకునే పుస్తకంలో. రైసుమిల్లు షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటు అరిగితే నువ్వు వెల్డింగుతో నింపుతున్నావు. లేతు లేదు గనక దాన్ని కొలతకి చెక్కించడానికి రాయగడ పంపిస్తున్నావు. ఆ రెండు రోజులూ మిల్లు ఆగుతుంది, డబ్బు రాయగడవాడికి పోతుంది. పోయిన ఏడాది అలా బయటికి పంపినవి ఎన్ని, ఒక్కోదానికి ఎంత ఇచ్చావు, తేదీలతో ఒక కాయితం మీద ఎక్కించు. లేతు ఎందుకంటే ఆ కాయితమే చెబుతుంది. ఇద్దరు మిల్లు వాళ్ళ చేత పని ఇస్తామని రెండు లైన్లు రాయించుకో. ఒడియాలో రాసినా పరవాలేదు.

లేతు, డ్రిల్లింగ్ మిషన్ల లెక్క నువ్వు వేసింది తక్కువ. కొటేషన్‌లో జీఎస్టీ ఉందిగానీ రవాణా లేదు, పునాది లేదు, త్రీఫేజు కనెక్షను డిపాజిట్టు లేదు. అవి కలిపితే నాకు 4 లక్షలు తేలింది. ఇనుము, కూలీ, మిల్లువాడు డబ్బు ఇచ్చేదాకా నడపడానికి ఇంకో లక్ష. మొత్తం 5 లక్షలు, నీ వాటా లక్ష, బ్యాంకుది 4 లక్షలు. అందులో మిషన్లకి 3,20,000 టర్ము లోను, నడపడానికి 80,000 క్యాష్ క్రెడిట్ అని విడివిడిగా అడుగు. ముద్ర పథకంలో కిశోర్ అనే లోను 5 లక్షల వరకు ఉంటుంది, తాకట్టు పెట్టక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా ఫీజు లేదు. దానికని జిరాక్సు షాపువాడికి పదిహేను వందలు ఇచ్చేసి ఉంటే తిట్టనులే, ఇక ముందు ఇవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. నెలకి 90,000 పని అని రాసి, పన్నెండుతో గుణించావు. అది చదివి నాకు నిద్ర పట్టలేదు. మీ అక్క పుట్టిన ఏడు నేనూ ఇదే చేశాను. బ్యాంకుకి వెళ్ళింది మార్గశిరంలో, కోతలప్పుడు. మిల్లులు రాత్రీ పగలూ ఆడుతున్నాయి, చేతి నిండా పని. ఆఫీసరు నెలకెంత మిగులుతుందంటే ఆ నెలది చెప్పాను. ఆయన పన్నెండుతో గుణించి వాయిదా కట్టాడు. నాకు సంతోషం, ఎక్కువ లోను వచ్చిందని. చైత్రం దాకా ఠంచనుగా కట్టాను. ఆషాఢం వచ్చింది, వాన పట్టింది, జనం నాట్లకి పోయారు, మిల్లులు మూసేశారు. మూడో వాయిదా తప్పినప్పుడు బ్యాంకు మనిషి సైకిలు మీద షెడ్డుకొచ్చి, నలుగురి ముందు నిలబడి అడిగాడు. నేను లేతు వెనక కూర్చుని నూనె పోస్తున్నట్టు నటించాను. మీ అమ్మ ఆయనకి టీ ఇచ్చి, "రేపు కడతారండి" అంది. ఆ రేపటి కోసం డ్రిల్లింగ్ మిషను సగం ధరకి అమ్మేశాను. తర్వాత వచ్చిన ఆఫీసరు చూసి, "పంట బట్టి వాయిదాలు పెట్టమని మొదట్లోనే అడగాల్సింది కదయ్యా" అన్నాడు. అడగొచ్చని నాకేం తెలుసు! ఇప్పుడు 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయిలో పడుతుంది. ఆ మచ్చ ఊరికే పోదు.

అందుకని నీ పుస్తకం ముందు పెట్టుకుని రెండు రకాల నెలలు వేశాను. మంచి నెలలో ఇనుము, కూలీ, అద్దె, కరెంటు పోగా 26,000, ఇంటికి 12,000 తీస్తే 14,000. వానాకాలం నెలలో 8,000 మిగులుతుంది, ఇంటి ఖర్చుకే 4,000 తక్కువ. ఎనిమిది మంచి నెలలు, నాలుగు చెడ్డవి అనుకుంటే ఏడాదికి 96,000. క్యాష్ క్రెడిట్ వడ్డీ ఒక 8,800 పోతే 87,200. వడ్డీ 11 శాతం, అయిదేళ్ళ గడువు, మొదటి ఆర్నెల్లు వడ్డీ మాత్రమే కట్టేటట్టు అనుకుంటే, ఆ తర్వాత వాయిదా నెలకి 7,540 దాకా వస్తుంది, ఏడాదికి 90,480. చాలలేదు చూశావా! ఏడేళ్ళకి అడిగితే 5,760, ఏడాదికి 69,120. ఏడాది చివర 18,000 మిగులుతుంది. మొత్తం వడ్డీ ఎక్కువే అవుతుంది, తెలుసు, కానీ మంచి ఏడు వచ్చినప్పుడు ముందే కట్టుకోవచ్చు. మంచి నెలల్లో ఎక్కువ, వానలో తక్కువ కట్టేలా పెట్టమని కూడా అడుగు. ఇంటి ఖర్చు తియ్యకుండా వేస్తే అయిదేళ్ళ లెక్క కూడా దివ్యంగా కనబడుతుంది, ఆఫీసరు సరేననేస్తాడు. వానాకాలంలో ఆ 12,000 ఎక్కణ్ణుంచి తెస్తావు?

పేజీ చివర, పెద్ద మిల్లువాడు రెండు నెలలు డబ్బు ఆపితే ఏం చేస్తావో నువ్వే రాయి. వాళ్ళు అడగకముందే ఉంటే మంచిది.

మళ్ళీ ఆ లక్ష సంగతి. మావయ్య చెప్పింది నిజమైతే నెలకి 3,000, ఏడాదికి 36,000. పైన మిగిలిందే 18,000. లోను రాగానే తీర్చేస్తాననుకుంటున్నావేమో. మిషను డబ్బు నీ చేతికి రాదురా, బ్యాంకు నేరుగా మిషను అమ్మినవాడికే పంపుతుంది. పైగా నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకే రోజు లక్ష జమ కనబడితే ఎక్కడిదని అడుగుతారు. అబద్ధం చెప్పడం నీకు చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. దాన్ని వెనక్కి ఇచ్చేయ్. వెల్డింగ్ మిషను బిల్లూ షెడ్డు అడ్వాన్సు రసీదూ ఉంటే నీ వాటాలో కలపమని అడుగు, ఒప్పుకోవచ్చు. అయినా తక్కువైతే డ్రిల్లింగ్ మిషను ఈ ఏడు మానెయ్, అడిగేదే తగ్గుతుంది. పోస్టాఫీసులో 30,000 ఉన్నాయి. మీ అమ్మ మోకాలికని దాచాను. నూనే రాయని మనిషి ఆసుపత్రికి ఎక్కడొస్తుంది.

ఆదివారం రైలెక్కి పుస్తకం తీసుకుని రా, కూర్చుని మళ్ళీ వేద్దాం. స్టీలు క్యారేజీ మర్చిపోకు, మీ అమ్మ రోజూ అడుగుతోంది. వెల్డింగ్ చేసేటప్పుడు నల్లద్దం పెట్టుకుంటున్నావా?

నాన్న