హెచ్3ఎన్2 కొత్త వైరస్ కాదు

సంపాదకులకు నమస్కారం.

జ్వరాల మీద మీరు వేసిన వార్తలో హెచ్3ఎన్2ను ‘కొత్త వైరస్’ అన్నారు. ఆ ఫ్లూ వైరస్ 1968 నుంచి మనుషుల్లో తిరుగుతూనే ఉంది. పేరులోని అంకెలు చూసి ఇళ్లలో అనవసరంగా టెన్షన్ పడుతున్నారు కాబట్టి ఈ ఉత్తరం.

ఫ్లూ వైరస్‌లలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. హెచ్, ఎన్ అంకెల పేర్లు ఏ రకానికి మాత్రమే పెడతారు. హెచ్ అంటే వైరస్ మన కణాన్ని పట్టుకునే ప్రోటీన్, హిమాగ్లుటినిన్. ఎన్ అంటే కణంలో పుట్టిన పిల్ల వైరస్‌లు విడిపోయి బయటపడడానికి పనికొచ్చే ప్రోటీన్, న్యూరామినిడేజ్. హెచ్‌లో కనీసం 18, ఎన్‌లో 11 రకాలు తెలుసు. ఆ అంకె రకాన్ని చెబుతుందే గానీ తీవ్రతను చెప్పదు. హెచ్5 అంటే హెచ్3 కంటే రెండు మెట్లు ఎక్కువ ప్రమాదమని కాదు.

మరి 1968లో ఏం జరిగింది? అంతకుముందు 1957 నుంచి మనుషుల్లో హెచ్2ఎన్2 ఉండేది. ఫ్లూ వైరస్ జన్యువులు ఎనిమిది విడి ముక్కలుగా ఉంటాయి. పక్షి వైరస్, మనిషి వైరస్ ఒకే కణంలో దూరితే ఆ ముక్కలు కలగలిసిపోతాయి. అలా పాత వైరస్‌లోని ఆరు ముక్కలు ఉండిపోయి, రెండు పక్షుల నుంచి వచ్చాయి. ఆ రెండింటిలో ఒకటి హెచ్3. జనం ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు లేవు. జూలైలో హాంకాంగ్‌లో బయటపడి ప్రపంచమంతా పాకింది. ఎన్2 మాత్రం పాతదే కావడంతో జనానికి కొంత రక్షణ మిగిలిందనీ, 1957 కంటే దెబ్బ తక్కువగా తగలడానికి అదొక కారణమనీ చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ తర్వాత ఏటా దానిలో చిన్న చిన్న మార్పులే వస్తున్నాయి. టీకాను తరచూ మార్చేది వాటి కోసమే. పెద్దవాళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇప్పటికీ ప్రమాదమే, కాదనను.

బీ రకం కూడా ఏటా జ్వరాలు తెస్తుంది కానీ ప్రపంచ మహమ్మారి తేలేదు. అది దాదాపు మనుషుల్లోనే బతుకుతుంది, కొత్త హెచ్ అరువు తెచ్చుకోవడానికి దానికి పక్షుల గుంపు లేదు.

ఇక మా గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలను 2025లో దెబ్బతీసిన హెచ్5ఎన్1. దాని హెచ్ పక్షుల కణాల మీది గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది. మన ముక్కు, గొంతు కణాల మీద ఉండేవి వేరే రకం గ్రాహకాలు, వాటికి సరిగా అతుక్కోదు. అందుకే మనిషికి సోకితే ప్రాణం మీదికి తెచ్చినా, ఒకరి నుంచి ఒకరికి గొలుసుకట్టుగా అంటుకోవడం ఇంతవరకు లేదు. హెచ్ మారితే ఆ లెక్కా మారొచ్చు. ఫారాల్లో నమూనాలు తీసి పరీక్షించేది ఈ మార్పులను కనిపెట్టడానికి కూడా.

కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు పేరుతో పాటు రెండు సంగతులు రాయమని మనవి: ఆ వైరస్ మనుషుల్లో ఎన్నాళ్ల నుంచి ఉంది, మనిషి నుంచి మనిషికి అంటుకుంటోందా లేదా.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు, తణుకు