నీ రెజ్యూమె చూశాను, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రెజ్యూమె ఇవాళ పొద్దున ఆఫీసులో ప్రింట్ తీసుకుని చదివాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

మొదటి పేరా కింద నువ్వు రాసిన అయిదు ముక్కలు ఇవి: హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్, గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్, ఎబిలిటీ టు వర్క్ అండర్ ప్రెజర్. మా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లోకి ట్రైనీలను తీసుకునేటప్పుడు నేనూ ప్యానెల్‌లో కూర్చుంటానని నీకు తెలుసు కదా. పొద్దున్నే ఓ అరవై కాగితాల కట్ట నా ముందు పెడతారు, ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టదు. అందులో ఈ అయిదు ముక్కలూ యాభైమంది రాస్తారు, అదీ దాదాపు ఇదే వరుసలో. కన్ను వాటి మీద ఆగదు, పెళ్లి శుభలేఖలో "బంధుమిత్ర సపరివార సమేతంగా" అన్న లైను మీద ఎవరికీ ఆగనట్టే.

నిన్ను తప్పుబట్టట్లేదు, నేనూ ఇదే చేశాను. నా మొదటి బయోడేటా ఒక సీనియర్ దగ్గర కాపీ కొట్టి టైప్ చేయించుకున్నా. అందులో "సిన్సియర్ అండ్ హార్డ్ వర్కింగ్" అని ఉంది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసి "సిన్సియర్ అని రాశావు బాబూ, ఒక్క ఉదాహరణ చెప్పు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి.

ఏ మాట తీసెయ్యాలో ఎలా తెలుస్తుందంటే, దాన్ని తిరగేసి చూడు. "నేను సోమరిని, పదిమందితో కలవను" అని లోకంలో ఎవరైనా రాస్తారా? ఎవరూ రాయరు కాబట్టి దాని ఎదురు మాట రాసినా ఎదుటివాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. ఇంకో పని చెయ్యి, నీ పేరు కొట్టేసి నీ రూమ్‌మేట్ పేరు పెట్టి చదువు. అప్పుడూ ఆ లైను నిజమే అయితే అది నీది కాదు.

ఇప్పుడు అసలు విషయం. నీ ప్రాజెక్టు గురించి రెజ్యూమెలో ఒకే ఒక్క లైను ఉంది: "ఆటోమేటిక్ ఇరిగేషన్ సిస్టమ్ యూజింగ్ ఆర్డుయినో, టీమ్ సైజ్ నాలుగు." అంతేనా? ఆ వేసవి సెలవుల్లో మన మేడ మీద జరిగిందంతా నేను కళ్లారా చూశాను. మట్టి తడిసి ముద్దవుతున్నా మోటారు ఆగట్లేదని, అమ్మ టమాటా మొక్కలు కుళ్లిపోతున్నాయని ఇంట్లో గొడవ. నీ స్నేహితులు ముగ్గురూ కోడ్‌లో తప్పుందని ఫోన్‌లో వాదించారు. నువ్వేం చేశావు? అదే కుండీలో అదే మట్టిలో తేమ కొలిచే కొత్త ప్రోబ్ గుచ్చి చూశావు, రీడింగ్ సరిగ్గా వచ్చింది. పాతది పీకి చూస్తే ఒక కాలు ఆకుపచ్చగా మారి సగం తినేసి ఉంది. ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండటంతో రెండు వారాల్లో ఆ లోహం కరిగిపోయింది, నిరోధం పెరిగింది, దాంతో తడి మట్టిని కూడా పొడి మట్టి అనుకుని మోటారును తిప్పుతోంది. తర్వాత లోహం మట్టికి తగలని కెపాసిటివ్ సెన్సార్ తెచ్చి పెట్టావు.

ఆ లైను ఇలా ఉండాలి, ఇంగ్లీషులో నువ్వు రాసుకో: "మట్టి తడిసినా మోటారు ఆగకపోవడానికి కారణం కోడ్ కాదు, తుప్పు పట్టిన ప్రోబ్ అని పక్కపక్కన పెట్టి పోల్చి కనిపెట్టాను, కెపాసిటివ్ సెన్సార్‌కు మార్చాను." మెయింటెనెన్స్ వాడికి ఇది కనపడితే కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాడు. మేం రోజంతా చేసే పని అదే కదా, తప్పు ఎక్కడుందో విడదీసి చూడటం.

టీమ్ ప్లేయర్ సంగతి. ల్యాబ్‌లో అందరి భాగాలూ కలిపిన రోజు రిలే పని చేస్తే డిస్‌ప్లే పిచ్చి అక్షరాలు చూపించిందని, రెండింటినీ ఇద్దరు వేర్వేరుగా పిన్ 7కే కలిపారని చెప్పి నవ్వావు గుర్తుందా? ఆ సాయంత్రమే ఏ పిన్ ఎవరిదో ఒక కాగితం మీద రాసి బల్లకు అతికించావు, అది చూడకుండా ఎవరూ వైరు ముట్టుకోకూడదని నియమం పెట్టావు. అదీ రాయాల్సింది. "టీమ్ ప్లేయర్" అన్న రెండు మాటలూ ఎక్కడా అక్కర్లేదు, చదివేవాడే అనుకుంటాడు.

ఇక్కడ మనవాళ్లకి ఒక మొహమాటం ఉంది. "మేము చేశాం, మేము కట్టాం" అని అంతా బహువచనంలో రాసేస్తారు, నేను అంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని. ప్యానెల్‌కి నలుగురిలో నువ్వు ఏం చేశావో తెలియాలి. టీమ్ చేసినదానికి మేము, నీ చేత్తో చేసినదానికి నేను. అలాగని కోడ్ రాసిన పిల్లాడి పని నీ ఖాతాలో వేసుకోకు, రెండో ప్రశ్నలోనే దొరికిపోతావు.

"40 శాతం నీటి ఆదా" అని ఒక చోట ఉంది. ఎవరు చెప్పారమ్మా అది? నోట్‌బుక్ ఇంట్లోనే ఉంది, తీసి చూశాను. పది రోజులు, చెరో ఆరు కుండీలు. అమ్మ చేత్తో పోసినవాటికి రోజుకు 6 లీటర్ల చొప్పున 60, నీ మోటారు పోసింది 41. అంటే ఆదా అయింది మూడో వంతు కంటే కాస్త తక్కువ. అదే రాయి: "ఆరేసి కుండీల మీద పది రోజులు కొలిస్తే 60 లీటర్లకు బదులు 41." 40 శాతం అన్నది వినడానికి పెద్దగా ఉంటుంది కానీ "ఎలా కొలిచావు?" అని అడిగితే చెమటలు పడతాయి. 41 దగ్గర ఆ టెన్షన్ లేదు, ఎందుకంటే ఆ పది రోజులూ ఆదివారంతో సహా పొద్దున ఆరింటికి డబ్బాలో గీత చూసి రాసుకున్నది నువ్వే. హార్డ్ వర్కింగ్ అన్నదానికి ఇంతకంటే ఇంకేం కావాలి?

క్విక్ లెర్నర్, కమ్యూనికేషన్, ప్రెజర్ మూడూ తీసెయ్. వాటికి చెప్పడానికి ప్రస్తుతం నీ దగ్గర ఏమీ లేదు, ఖాళీ మిగిలితే మిగలనీ. ఉద్యోగ ప్రకటనలో "టీమ్ ప్లేయర్ కావాలి" అని ఉంటే అదే మాట తిరిగి వాళ్లకే అప్పజెప్పకు. అది వాళ్లు వేసిన ప్రశ్న అనుకో, నీ పిన్‌ల కాగితం దానికి జవాబు. సి లాంగ్వేజ్, ఆర్డుయినో లాంటి పనిముట్ల పేర్లు మాత్రం ఉంచు, వాటి కోసం వెతుకుతారు.

శనివారంలోగా మార్చి పంపు, మళ్లీ చూస్తా. ఇంకొకటి, ఆ తుప్పు పట్టిన ప్రోబ్ పారెయ్యలేదు కదా? మీ అమ్మ మేడ మీద మేకుల డబ్బాలో చూశానంటోంది. దొరికితే నీ సర్టిఫికెట్ల ఫైల్లో ఒక చిన్న కవర్‌లో పెడతాను, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్దువుగాని.

నాన్న