నీట్ పాత పేపర్ వీడియోలు: ముందు కోడ్ చూడండి, తర్వాత తెరవండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి మన అనంతపురం బడి బైపీసీ పిల్లల కోసం నీట్ పాత ప్రశ్నలకు జవాబులు వివరించే వీడియోలు పెడుతున్నాం. ప్రతి వీడియో పేరూ ఇదే వరుసలో ఉంటుంది:

```
NEET UG 2024 | 5 May | Code Q1 | Physics | Question 12
```

సంవత్సరం ఉంటే చాలదా, తేదీ ఎందుకని అడగవచ్చు. 2024లో మే 5న అందరికీ పరీక్ష జరిగింది. జూన్ 23న కొందరికే వేరే పేపర్‌తో మళ్లీ పెట్టారు. 2016లో కూడా మే 1న, జూలై 24న రెండు విడతలుగా రాయించారు. తేదీ లేకపోతే పిల్లలు ఒక పేపర్ రాసి ఇంకో పేపర్ వీడియో చూస్తారు.

అసలు చిక్కు కోడ్‌తోనే వస్తుంది. బుక్‌లెట్ అట్ట మీద Q1, R3 లాంటి కోడ్ ఉంటుంది. ప్రశ్నలు అవే, కానీ కోడ్ మారితే వరుస మారుతుంది. R3 పేపర్ రాసిన పిల్లవాడు Q1 కీతో దిద్దుకుంటే మార్కులు ఘోరంగా పడిపోతాయి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా దాదాపు నాలుగో వంతు జవాబులు కలుస్తాయి కదా. బాగా చదివే పిల్లలకు కూడా దాదాపు అన్నే కలిస్తే, తిట్టే ముందు అట్ట మీది కోడ్, కీ మీది కోడ్ పక్కపక్కన పెట్టి చూడండి. తమ కోడ్‌కు వీడియో దొరక్కపోతే నంబరుతో వెతకవద్దు. ప్రశ్నలోని మొదటి ఐదారు మాటలు టైప్ చేస్తే మన జాబితాలో అదే ప్రశ్న వస్తుంది. Q అనేది కోడ్ అక్షరం కూడా కాబట్టి, ప్రశ్న అన్న చోట Question అని పూర్తిగా రాస్తున్నాం.

వీడియో ఎప్పుడు చేశారో కూడా చూడాలి. 2024 ఫిజిక్స్‌లో పరమాణువుల మీద రెండు వాక్యాల ప్రశ్న ఒకటి వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వల్ల మొదట రెండు జవాబులకూ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు అడిగితే ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్కటే సరైనదని తేల్చారు: మొదటి వాక్యం ఒప్పు, రెండోది తప్పు. జూలై 26న ఫలితాలు సవరించారు. అంతకుముందు చేసిన వీడియోల్లో పాత మాటే ఉండిపోయింది. మన వీడియోల కింద తుది కీతో సరిచూసిన తేదీ రాస్తాం. అది లేని వీడియో బయట ఎక్కడ కనిపించినా, జవాబును కీతో పోల్చాకే నోట్సులో ఎక్కించమనండి.

ఇంట్లో గడియారం పెట్టి రాయించేవారికి ఒక మాట. 2024 పేపర్‌లో సబ్జెక్టుకు 50 ప్రశ్నలిచ్చి 45 రాయమన్నారు, సమయం 3 గంటల 20 నిమిషాలు. 2025 నుంచి ఆ ఛాయిస్ లేదు, 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. పాత పేపరైనా ఇప్పుడు 3 గంటలకే ఆపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు